దగ్గు మందు సీసాలో ఎంత మద్యం?

దగ్గు సిరప్‌లు, బలానికి తాగే టానిక్‌లు, ఆయుర్వేద ఆసవాలు, హోమియో మదర్ టింక్చర్లు. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి బజారులో ఏ మందుల షాపుకు వెళ్లినా ఇవన్నీ చేతికందే అరల్లోనే ఉంటాయి. వీటిలో చాలావాటిలో ఇథైల్ ఆల్కహాల్ ఉంటుంది. బ్రాందీలో, విస్కీలో ఉండేది కూడా ఇదే పదార్థం. తేడా మోతాదులోనే. కొన్ని సిరప్‌లలో అసలు ఉండదు, కొన్నిటిలో 5 శాతం ఉంటుంది. అరిష్టాల్లో 5 నుంచి 10 శాతం, టింక్చర్లలో 60 శాతం, అంతకు పైన కూడా ఉంటుంది. ఇది దొంగచాటుగా కలిపేది కాదు. ఫార్మకోపియా గ్రంథాలు ఒప్పుకున్న పద్ధతే, సీసా మీద రాసి అమ్మేదే. అయితే ఆ రాత చీమతలంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటుంది. తాగేవారికి అది మందుగానే తెలుసు, మద్యంగా తెలియదు.

మందులో ఆల్కహాల్ వాడటానికి మొదటి కారణం అది మంచి ద్రావకం కావడం. దగ్గు మందుకు చల్లదనం ఇచ్చే మెంథాల్ నీళ్లలో సరిగా కరగదు. చెట్ల బెరళ్లు, వేళ్లు, జిగుళ్ల నుంచి తీసే సారాలూ అంతే. కొంచెం ఆల్కహాల్ ఉంటే అన్నీ కలిసి తేటగా నిలుస్తాయి. రెండో కారణం నిల్వ. పంచదార పాకానికి బూజు పట్టకుండా, సూక్ష్మజీవులు పెరగకుండా ఆల్కహాల్ కాపాడుతుంది. ఆల్కహాల్‌తో తయారై తియ్యగా ఉండే ఇలాంటి మందులనే ఫార్మసీ భాషలో ఎలిక్సిర్ అంటారు.

ఆ మాట 1937లో అమెరికాలో ఒక పెద్ద కేసుకు ఆధారమైంది. మాసెంగిల్ అనే కంపెనీ సల్ఫానిలమైడ్ మందును ఆల్కహాల్‌కు బదులు డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపు ద్రావకంలో కరిగించి, ఎలిక్సిర్ పేరుతో అమ్మింది. వంద మందికి పైగా చనిపోయారు, వారిలో 34 మంది పిల్లలు. మందును విడుదలకు ముందు పరీక్షించాలన్న చట్టం అప్పటికి లేదు. అందుకని అధికారులు పట్టుకున్న తప్పు ఒక్కటే: ఎలిక్సిర్ అన్నారు కానీ అందులో ఆల్కహాల్ లేదు, కాబట్టి లేబుల్ అబద్ధం. అంతమంది ప్రాణాలు పోయిన కేసు చివరికి ఆల్కహాల్ లేకపోవడమనే నేరం మీద నిలబడింది. మరుసటి ఏడాదే అమెరికాలో కొత్త ఔషధ చట్టం వచ్చింది.

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో ఇరవై మందికి పైగా పిల్లల్ని చంపిన కోల్డ్‌రిఫ్ సిరప్‌లోనూ ఇదే డైఇథిలీన్ గ్లైకాల్ బయటపడింది. అది కల్తీ. ఈ కథనం అలాంటి కల్తీ గురించి కాదు, సక్రమంగా తయారై లైసెన్సుతో అమ్ముడయ్యే సీసాల గురించి. ఈ రెంటినీ కలగలిపితే కల్తీ లేని సిరప్ పూర్తిగా నిరపాయమనే భ్రమ మిగిలిపోతుంది.

లేబుల్ చెప్పేది, చెప్పనిది

భారత ఔషధ నియమాల ప్రకారం మందులో ఆల్కహాల్ 3 శాతం లేదా అంతకు మించి ఉంటే, ఎంత శాతమో లేబుల్ మీద రాయాలి. సీసా వెనుక అంశాల జాబితాలో ‘ఆల్కహాల్’, ‘ఇథనాల్’, ‘ఇథనాల్ 95 శాతం’, ‘అబ్సల్యూట్ ఆల్కహాల్’ వంటి మాటలు కనిపిస్తే అన్నీ ఇదే. కొన్ని కంపెనీలు శాతం బదులు ప్రతి 5 మిల్లీలీటర్లలో ఇన్ని మిల్లీలీటర్లు అని రాస్తాయి. 5 మి.లీ.లో 0.25 మి.లీ. అని ఉంటే అది 5 శాతం. 0.25 అన్న అంకె చూడగానే పావు శాతమేనని తేలిగ్గా పొరబడవచ్చు.

ఈ నియమంలో రెండు సందులున్నాయి. మొదటిది, అది మూడు శాతం నుంచే మొదలవుతుంది. రెండున్నర శాతం ఉన్న సిరప్ ఈ నియమం కింద అంకె చెప్పాల్సిన పని లేదు. కాబట్టి లేబుల్ మీద శాతం కనిపించలేదంటే ఆల్కహాల్ అసలే లేదని అర్థం కాదు. రెండోది, ఎంత ఉందో రాయమనడంతోనే అది ఆగిపోతుంది. ఏ వయసు పిల్లలకు ఎంత మించకూడదన్న మాట అందులో లేదు. ‘షుగర్ ఫ్రీ’ అన్న పెద్ద అక్షరాలు చూసి ఆల్కహాల్ కూడా ఉండదనుకోవడం మరో పొరపాటు. ఆ రెంటికీ సంబంధం లేదు. వెతకాల్సిన మాట ‘ఆల్కహాల్ ఫ్రీ’. ఈ రోజుల్లో పిల్లల సిరప్‌లు చాలావరకు అలాగే వస్తున్నాయి. సార్బిటాల్, గ్లిసరిన్ వంటివి ఆల్కహాల్ పనిని చాలామేరకు చేయగలుగుతున్నాయి.

ఆయుర్వేద మందుల సంగతి వేరు. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం, అశోకారిష్టం వంటివాటిలో ఆల్కహాల్ బయటి నుంచి పోయరు. మూలికల కషాయంలో బెల్లం, ధాతకీ పుష్పాలు వేసి, మూత బిగించి వారాల తరబడి పులియబెడతారు. పూల మీదున్న ఈస్ట్ బెల్లాన్ని తిని ఆల్కహాల్ తయారు చేస్తుంది. అందుకే సీసా మీద తనంతట పుట్టిన ఆల్కహాల్ అని రాస్తారు, 12 శాతం మించదని కూడా చాలా సీసాలు చెబుతాయి. మందు ఇచ్చే బలం కన్నా ఆ మాట ఇచ్చే భరోసాయే ఎక్కువ అనిపిస్తుంది చాలామందికి. కానీ తనంతట పుట్టినా, పీపాలోంచి తెచ్చి పోసినా కాలేయానికి తేడా తెలియదు. బీరులో ఉండేది సుమారు 5 నుంచి 8 శాతం. శాతం లెక్కన చూస్తే అరిష్టం బీరుకు సమానం, కొన్నిసార్లు ఒక మెట్టు పైన. రెండిటినీ వేరు చేసేది తాగే కొలత మాత్రమే.

హోమియో మందుల విషయంలో చట్టం సీసానే కుదించింది. 12 శాతం మించి ఆల్కహాల్ ఉన్న హోమియో మందును మామూలు అమ్మకానికి 30 మి.లీ. కన్నా పెద్ద సీసాలో పెట్టకూడదు. ఆస్పత్రులకైతే 100 మి.లీ. దాకా అనుమతి ఉంది. మందు పేరుతో తాగుడుకు దారి కాకుండా ఉండటానికే ఈ కట్టడి. మద్యనిషేధం ఉన్న చోట మందుల్ని ఏం చేయాలన్న ప్రశ్న చాలా పాతది. 1951లో బొంబాయి రాష్ట్రం, బల్సారా కేసులో సుప్రీంకోర్టు ఆల్కహాల్ ఉన్న ఔషధాలను కూడా నిషేధంలో కలిపేయడం చెల్లదని చెప్పింది. మందు మందే, దుర్వినియోగాన్ని మాత్రం అదుపు చేసుకోవచ్చు అన్న గీత ఆనాటి నుంచి నడుస్తోంది.

ఒక సీసా, ఒక బిడ్డ

5 శాతం ఆల్కహాల్ ఉన్న 100 మి.లీ. దగ్గు సిరప్ సీసాను తీసుకుంటే అందులో శుద్ధ ఆల్కహాల్ 5 మి.లీ. ఆల్కహాల్ నీటికన్నా తేలిక కాబట్టి దాని బరువు సుమారు 4 గ్రాములు. 42.8 శాతం ఉండే విస్కీ లెక్కలో ఇది 12 మి.లీ. కన్నా తక్కువ, అంటే ముప్పై మి.లీ. పెగ్గులో సగం కూడా కాదు. పెద్దవారికి ఇది చిన్న అంకె.

అదే అంకెను రెండేళ్లు దాటిన, 12 కిలోల బరువున్న బిడ్డ ఒంట్లో పెట్టి చూడాలి. ఆల్కహాల్ ఒంట్లోని నీటిలో పరచుకుంటుంది. ఆ వయసు బిడ్డలో అది పరచుకునే పరిమాణం సుమారు ఎనిమిదిన్నర లీటర్లు. ఒక చెంచా, అంటే 5 మి.లీ. సిరప్ ఇస్తే రక్తంలో ప్రతి 100 మి.లీ.కి రెండు, రెండున్నర మిల్లీగ్రాముల ఆల్కహాల్ చేరుతుంది. ఇది మత్తెక్కించేంత కాదు. అమ్మమ్మ ఉజ్జాయింపుగా మూత నిండా పోస్తే అది రెట్టింపు అవుతుంది. తియ్యగా ఉందని బిడ్డ సీసా మొత్తం తాగేస్తే 47 మిల్లీగ్రాముల దగ్గరికి చేరుతుంది. వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 30. అంటే రెండేళ్ల బిడ్డ ఒక్క సిరప్ సీసాతో ఆ హద్దు దాటేస్తుంది. టేబుల్ మీద వదిలేసిన 10 శాతం అరిష్టంలో ఒక టీ గ్లాసెడు, సుమారు 100 మి.లీ., తాగితే ఈ అంకె తొంభై దాటుతుంది.

బిడ్డకు అసలు ప్రమాదం మత్తు కాదు, రక్తంలో చక్కెర పడిపోవడం. పెద్దవారు రాత్రంతా ఏమీ తినకపోయినా కాలేయం నిల్వ ఉన్న చక్కెరను వదులుతూ, కొత్తగా తయారు చేస్తూ నెట్టుకొస్తుంది. పసిపిల్లల కాలేయంలో ఆ నిల్వ కొద్దిగానే ఉంటుంది. పైగా ఆల్కహాల్‌ను విరగ్గొట్టే పనిలో పడ్డ కాలేయం కొత్త చక్కెర తయారీని ఆపేస్తుంది. జ్వరంతో దగ్గుతో రెండు రోజులుగా సరిగా తినని బిడ్డకు ఈ దెబ్బ మరీ త్వరగా తగులుతుంది. చెమటలు, వణుకు, తూలుడు, మగత, ఫిట్స్ వరుసగా రావచ్చు. ఇవి చూసినవారు జ్వరం ఎక్కువైంది, అందుకే పడుకున్నాడు అనుకుంటారు. దగ్గు మందు తాగి నిద్రపోయాడంటే మందు పనిచేసిందని సంతోషించే ఇళ్లూ ఉన్నాయి. లేపినా సరిగా లేవని బిడ్డ నిద్రపోతున్నట్టు కాదు.

ఆల్కహాల్‌ను విరగ్గొట్టే ఎంజైము కూడా పసివాళ్లలో ఇంకా పూర్తిగా తయారై ఉండదు. ఇదంతా లెక్కలోకి తీసుకునే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1984లో ఒక మోతాదు మందు వల్ల పిల్లల రక్తంలో ఆల్కహాల్ 100 మి.లీ.కి 25 మిల్లీగ్రాములు మించకూడదని చెప్పింది. 1995లో ఆ దేశ ఔషధ నియంత్రణ సంస్థ చీటీ లేకుండా కొనే నోటి మందులకు వయసువారీగా హద్దులు పెట్టింది. ఆరేళ్ల లోపు అర శాతం, ఆరు నుంచి పన్నెండేళ్ల దాకా 5 శాతం, ఆపైన 10 శాతం. ఆ కొలతతో చూస్తే పెద్దల కోసం తయారైన 5 శాతం సిరప్‌ను రెండేళ్ల బిడ్డకు సగం చెంచా చేసి ఇవ్వడం హద్దుకు పది రెట్ల సాంద్రతను ఇవ్వడమే. మోతాదు సగం చేసినంత మాత్రాన పెద్దల మందు పిల్లల మందు కాదు.

గ్రైప్ వాటర్ చరిత్ర ఇక్కడ చెప్పుకోవాలి. 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియమ్ వుడ్‌వర్డ్ దీన్ని తయారు చేశాడు. ఆ దేశపు చిత్తడి నేలల్లో పసిపిల్లలకు వచ్చే మలేరియా తరహా జ్వరానికి వైద్యులు ఇచ్చే మందును చూసి ఆ ఆలోచన వచ్చింది. సోపు జాతి మొక్క నూనె, సోడా, పంచదార, వాటితో పాటు 3.6 శాతం ఆల్కహాల్ అందులో ఉండేవి. ఏడ్చే బిడ్డ ఊరుకునేదంటే కారణం సోపు నూనె ఒక్కటే కాకపోవచ్చు. బ్రిటన్‌లో 1992 నాటికి గానీ ఆ ఆల్కహాల్‌ను తీసేయలేదు. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో జలుబు చేసిన పసివాళ్ల ఛాతీకి బ్రాందీ రాయడం, నాలుక మీద రెండు చుక్కలు వేయడం పెద్దలు చెప్పే చిట్కాల్లో ఇంకా ఉన్నాయి. చిత్తడి నేల, పసిబిడ్డ జబ్బు, మద్యం చుక్క: ఇంగ్లండులోనూ ఇక్కడా దారి ఒకటే.

పసివాళ్లకు దగ్గు మందు అవసరమా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ఈమధ్య స్పష్టంగానే వచ్చింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద రాయమని దేశ ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో ఆదేశించారు. ఛింద్వాడా మరణాల తర్వాత 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు జలుబు మందులు రాయవద్దని, అయిదేళ్ల లోపు వారికి మామూలుగా సిఫారసు చేయడం లేదని చెప్పింది. పిల్లల దగ్గు చాలావరకు తనంతటే తగ్గిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, తల్లిపాలు, విశ్రాంతి ఆ పాటి పని చేస్తాయి.

బాలింతలకు దశమూలారిష్టం ఇచ్చే ఇళ్లలో ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. తల్లి రక్తంలో ఉన్నంత ఆల్కహాల్ తల్లిపాలలోనూ ఉంటుంది. చెప్పిన మోతాదు ప్రకారం పదిహేను ఇరవై మి.లీ. అయితే ఆ మొత్తం చాలా తక్కువ, గంటలోపే పోతుంది. బలం రావాలని గ్లాసుతో పోసే అలవాటుకు మాత్రం ఈ సౌలభ్యం వర్తించదు.

బిడ్డ సీసా తాగేస్తే కక్కించే ప్రయత్నం చేయకూడదు. మెలకువగా ఉండి మింగగలిగితే పంచదార నీళ్లు కొద్దికొద్దిగా తాగించవచ్చు. మగతగా ఉంటే ఏదీ నోట్లో పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఖాళీ సీసాను కూడా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఎంత ఆల్కహాల్, ఇంకా ఏ మందులున్నాయో డాక్టరుకు చెప్పేది ఆ లేబులే.

స్టీరింగ్ ముందు

ఆకివీడు, ఉండి, భీమవరం మీదుగా సాగే 165వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రివేళ ఐసు పెట్టెల్లో చేపలు, రొయ్యలు నింపుకున్న వ్యాన్లు, లారీలు తిరుగుతుంటాయి. వాటిలో కొన్ని తాడేపల్లిగూడెం, ఏలూరుల దగ్గర 16వ నంబరు రహదారి ఎక్కి కోల్‌కతా దాకా వెళ్తాయి. చలికాలంలో ఐసు గాలి, దుమ్ము, నిద్రలేమి కలిసి దగ్గు పట్టిన డ్రైవరుకు సిరప్ సీసా తోడు వెళ్తుంది. ఆ సీసా వల్ల పోలీసు పరీక్షలో దొరికిపోతామేమో అన్నది వారికి ఉండే మొదటి భయం.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద రక్తంలో 100 మి.లీ.కి 30 మిల్లీగ్రాములు మించిన ఆల్కహాల్ నేరం. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ భయం ఎంతవరకు నిజమో లెక్క చూడవచ్చు. 60 కిలోల డ్రైవరు 5 శాతం సిరప్‌ను రెండు చెంచాలు తాగితే రక్తంలో చేరేది ఒక మిల్లీగ్రాము లోపు. అరిష్టం 30 మి.లీ. తాగితే అయిదారు మిల్లీగ్రాములు. ముప్పై దాటాలంటే అరిష్టం 160 మి.లీ. పైగా, లేదా సిరప్ మూడు సీసాలకు పైగా తాగాలి. అరిష్టం సీసాల్లో పెద్దది 450 మి.లీ. ఉంటుంది కాబట్టి మూడో వంతు దాటితే పరిమితి దాటినట్టే. మోతాదు ప్రకారం మందు వాడే మనిషి రక్త పరీక్షలో తప్పు చేసినట్టు తేలే అవకాశం దాదాపు లేదు.

శ్వాస పరీక్షలో కథ కొంచెం వేరు. మందు తాగిన వెంటనే నోటి తడిలో, చిగుళ్ల మధ్య కొంత ఆల్కహాల్ నిలిచిపోతుంది. బ్రీత్ ఎనలైజర్ ఊపిరితిత్తుల గాలి అనుకుని దాన్నే కొలుస్తుంది. అందుకే సిరప్ తాగిన రెండు నిమిషాలకు ఊదితే పెద్ద అంకె రావచ్చు. పావుగంట ఆగి, నోరు పుక్కిలించి మళ్లీ ఊదితే నోటి ఆల్కహాల్ పోయి అసలు అంకె తెలుస్తుంది. ఆ కాసేపు ఆగాలని అడగడం డ్రైవరు పక్షాన తప్పు కాదు. పరీక్ష చేసేవారికి కూడా అదే మంచి పద్ధతి. వాసన, తూలుడు మాత్రమే మద్యం తాగిన రుజువు కాదని, రక్త పరీక్ష లేకుండా వాటి మీదే నిర్ధారణకు రాలేమని సుప్రీంకోర్టు 1971లోనే ఒక మోటారు ప్రమాదపు కేసులో చెప్పింది.

రైల్వేలో ఈ సమస్య ఎంత గందరగోళం రేపిందో 2025 ఫిబ్రవరిలో కనిపించింది. దక్షిణ రైల్వే తిరువనంతపురం డివిజన్ లోకో పైలట్లు డ్యూటీకి ముందు హోమియో మందులు, దగ్గు సిరప్, కొన్ని రకాల అరటిపళ్లు, కొబ్బరి నీళ్లు, మౌత్‌వాష్ వాడరాదని ఆదేశం ఇచ్చింది. గొడవ రేగడంతో దాన్ని వెనక్కి తీసుకుంది. అదే ఏడాది జులైలో కేరళలోని పందళం బస్ డిపోలో పనస తొనలు తిన్న ఆర్టీసీ డ్రైవర్లు శ్వాస పరీక్షలో దొరికారు. పరీక్షించి చూస్తే బాగా మగ్గిన పనసలో మొదలైన పులియడమే కారణమని తేలింది. అరిష్టం పీపాలో జరిగే పనే పనసలో జరిగింది.

ఇంతకీ డ్రైవరుకు పెద్ద ముప్పు ఆ ఆల్కహాల్ కాదు. అదే సీసాలో పక్కనే ఉన్న డైఫెన్‌హైడ్రమిన్, క్లోర్‌ఫెనిరమిన్, ప్రోమెథజైన్, కోడీన్ వంటివి నిద్ర తెప్పిస్తాయి. కొన్ని గంటల పాటు మెదడు స్పందన వేగాన్ని తగ్గిస్తాయి. బ్రీత్ ఎనలైజర్ వీటిని అసలు చూడదు. అంటే అంకె సున్నా చూపినా డ్రైవరు కనురెప్ప వాలుతూ ఉండవచ్చు. ఆల్కహాల్ కొద్దిగా ఉంటే ఆ మగత ఇంకా పెరుగుతుంది. చట్టం దీన్ని మర్చిపోలేదు. 185వ సెక్షన్ రెండో భాగం వాహనాన్ని అదుపు చేయలేనంతగా మత్తుమందు ప్రభావంలో ఉండటాన్నీ నేరంగానే చూస్తుంది. పోలీసు యంత్రం దాటేశామని సంతోషించే డ్రైవరు ఆ మందు మీద ‘మగత కలిగించవచ్చు, వాహనం నడపరాదు’ అన్న మాటను చదవాల్సింది ఇందుకే. పగటిపూట కూడా మందు తాగిన ఆరేడు గంటల దాకా ఆ ప్రభావం ఉండవచ్చు. దగ్గు ఉన్న డ్రైవరు మందుల షాపులో అడగాల్సిన ప్రశ్న ఇందులో ఆల్కహాల్ ఉందా అన్నది ఒక్కటే కాదు. నిద్ర తెప్పించని మందు ఇవ్వండి అన్నది ముందు అడగాలి.

మద్యం మాన్పించే చికిత్సలో డైసల్ఫిరామ్ మాత్రలు వేసుకునేవారు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. ఆ మాత్ర మీద కొద్దిపాటి ఆల్కహాల్ పడినా ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు మొదలవుతాయి. దగ్గు సిరప్, అరిష్టం, మౌత్‌వాష్ వాడి ఆ స్థితికి వచ్చేవారు మందు తాగానన్న సంగతి కాదు, మద్యం తాగలేదన్న సంగతే చెబుతారు. వైద్యుడు కారణం పట్టుకోవడం కష్టమవుతుంది.

వెయ్యి జనాభా మించని ఊళ్లలో కొన్ని ఇంటి మందులను లైసెన్సు లేకుండా అమ్మడానికి ఔషధ నియమాల్లోని షెడ్యూల్ కె వెసులుబాటు ఇస్తూ వచ్చింది. ఆ జాబితాలో దగ్గు సిరప్, పసిపిల్లల గ్రైప్ వాటర్ కూడా చేరి ఉన్నాయి. కొల్లేరు లంకల్లాంటి చోట్ల కిరాణా కొట్టు బల్లమీద సిరప్ సీసా కనబడటానికి ఇదొక దారి. అక్కడ లేబుల్ చదివి చెప్పే ఫార్మసిస్టు ఉండడు. 2025 చివర్లో ఆ జాబితాలోంచి సిరప్ అన్న మాటను తొలగించే ప్రతిపాదన వచ్చింది. అది అమలయ్యేదాకానూ, అమలయ్యాక కూడా, సీసాను పిల్లలకు అందని ఎత్తులో పెట్టడం, కొనేటప్పుడే షాపువాణ్ణి ‘ఆల్కహాల్ ఎంత శాతం, మగత ఉంటుందా’ అని అడిగి చదివించుకోవడం ఇంటివాళ్లు చేయాల్సిన పని.